వానను కురిసింది

మా బడి అల్లవరం మండలంలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్ళో ఉంది. అక్కడ నేను తెలుగు చెబుతాను. ఆరు నుంచి పదో తరగతి వరకు అన్ని తరగతులూ నావేగాని, నాకు మొదటినుంచీ ఏడో తరగతంటే ఒక మోజు. ఆ వయసు పిల్లలు ఇంకా సిగ్గుపడడం నేర్చుకోరు. తెలియనిది అడిగేస్తారు, నవ్వొస్తే నవ్వేస్తారు.

ఆ ఏడాది నా ఏడో తరగతిలో ఒక ఒరియా అమ్మాయి ఉండేది. వాళ్ళ నాన్న రొయ్యల చెరువు మీద పనికి ఒడిశా నుంచి వచ్చాడు. చెరువు గట్టు మీదే రేకుల షెడ్డులో కాపురం. ఇంట్లో అమ్మ, నాన్న, ఒక తమ్ముడు. ఆ అమ్మాయి మా అక్షరాలు చాలా తొందరగా పట్టేసింది. వేలు పెట్టుకుని పాఠం మొత్తం చదివేది. వత్తులు కూడా తప్పేది కాదు. చదివినదాంట్లో ఎంత తలకెక్కుతోందో మాత్రం తెలిసేది కాదు. నోరు విప్పి మాట్లాడడం తక్కువ. అడిగితే "ఆయ్" అనేది. మా గోదారి వైపు 'అవునండీ'కి బదులు వాడే ఆ మాటే మా పిల్లల దగ్గర ఆమె మొట్టమొదట నేర్చుకుంది.

జూలైలో ఆ అమ్మాయి నాలుగైదు రోజులు బడికి రాలేదు. తిరిగి వచ్చిన రోజు ప్రార్థన అయ్యాక వరండాలో హెడ్మాస్టారు ఆపి అడిగారు. ఆయన మంచి మనిషి. పిల్లలతో సరదాగా ఉంటారు.

"ఏమ్మా, ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు? ఒంట్లో బాగోలేదా?"

ఆ అమ్మాయి కాసేపు మాటలు కూడబలుక్కుంది. "దారిలో కుక్క ఉంది సార్. నేను కుక్కకి భయపెట్టేను."

హెడ్మాస్టారు గట్టిగా నవ్వేశారు. "నువ్వే కుక్కని భయపెట్టేవా! అయితే ఇంకేం! అదే ఊరొదిలి పారిపోయి ఉంటుంది. ధైర్యంగా రావచ్చు కదా!"

చుట్టూ ఉన్న పిల్లలూ నవ్వారు. నేనూ నవ్వాను. అందులో చెడ్డ ఉద్దేశం ఎవరికీ లేదు. కానీ ఆ అమ్మాయి మొహం చూస్తే, తను చెప్పిన కష్టం ఎవరికీ చేరలేదని మాత్రం అర్థమైంది. చెరువుల గట్టు మీద నిజంగానే ఒక కుక్క ఉంది. దాని మూలాన బడి మానేసింది. ఆ మాటే చెప్పింది. 'భయపడ్డాను' అనాల్సిన చోట 'భయపెట్టాను' అంది. ఒక్క క్రియ మారేసరికి భయపడిన పిల్ల భయపెట్టిన పిల్ల అయిపోయింది. ఆ తరవాత చాలా రోజులు 'ఆయ్' తప్ప ఇంకో మాట ఆమె నోట్లోంచి రాలేదు.

ఆ నెలాఖరుకే సకర్మక, అకర్మక క్రియల పాఠం వచ్చింది.

ఆ రోజు పొద్దుటినుంచీ వాన. బయటి ఆటస్థలం నిండా నీళ్ళు. వాన చప్పుడులో గొంతు పెంచి చెప్పాల్సి వచ్చింది. బోర్డు మీద రెండు వాక్యాలు రాశాను.

సరంగు పడవను ఆపాడు.
పడవ ఆగింది.

"ఆపాడు. ఎవరు ఆపేరు?"

"సరంగండీ!"

"పడవ నడిపే ఆ సరంగే కర్త. ఇప్పుడు క్రియని పట్టుకుని ఇంకో ప్రశ్న అడగండి. దేనిని ఆపాడు?"

"పడవనండీ!"

"జవాబు వచ్చింది. ఆ వచ్చిన జవాబు కర్మ. కర్మ ఉంది కాబట్టి 'ఆపు' సకర్మక క్రియ. ఇప్పుడు రెండోది. ఏది ఆగింది?"

"పడవ!"

"దేనిని ఆగింది?"

పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆ ప్రశ్నే వాళ్ళకి వింతగా ఉంది.

"ప్రశ్నే అతకడం లేదు కదా? అతకకపోతే ఆ క్రియకి కర్మతో పని లేదు. అది అకర్మకం. మనుషులైతే 'ఎవరిని', వస్తువులూ జంతువులూ అయితే 'దేనిని'. అంతే పరీక్ష."

పిల్లలు హుషారుగా అందుకున్నారు. అమ్మ పాపను ఎత్తుకుంది. ఎవరిని ఎత్తుకుంది? పాపను. సకర్మకం. పాప నవ్వింది. ఎవరిని నవ్వింది? ఊహూఁ. అకర్మకం. మేం తిన్నాం, అన్నాడొక అబ్బాయి, అందులో కర్మ కనపడదు కాబట్టి అకర్మకమేనంటూ. "దేనిని తిన్నారు అని అడిగితే జవాబు చెప్పలేవా?" అన్నాను. "చెప్పగలనండి, పులిహోర." "మరి! వాక్యంలో చెప్పకపోయినా 'తిను' అనే మాట వెనకాల తినేది ఒకటి ఉండాల్సిందే. కాబట్టి సకర్మకమే."

అప్పుడు లేచింది మా క్లాసులో అందరికంటే గడుగ్గాయి. బోటు మీద వేటకి వెళ్ళే వాళ్ళింటి పిల్ల. నోటికి హద్దు లేదు.

"టీచర్, నాదొక డౌటండి. వాన కురిసింది. ఏం కురిసింది అని అడిగితే వాన అని జవాబొచ్చేసింది కదండీ. మరి సకర్మకమేనా?"

అది చాలా మంచి ప్రశ్న. తెలుగులో ఎవరైనా పడే గొయ్యి అదే. "ఏం తిన్నాడు?" అంటే వచ్చే జవాబు కర్మ. "ఏం కురిసింది?" అంటే వచ్చే జవాబు కర్త. 'ఏం' అన్న మాట రెండువైపులా తిరుగుతుంది. ప్రాణం లేని వస్తువుల పేర్లకి మనం 'ని', 'ను' తగిలించకుండానే మాట్లాడేస్తాం కాబట్టి ఏది కర్తో ఏది కర్మో పైకి ఒకేలా కనిపిస్తాయి.

"అందుకే 'ఏం' అని అడగొద్దు. 'దేనిని' అనే అడగాలి. ఇంకా అనుమానంగా ఉంటే ఆ మాటకి 'ను' తగిలించి పైకి చదివి చూడు."

ఆ పిల్ల నిటారుగా నిలబడి, ప్రతిజ్ఞ చదివినట్టు గట్టిగా అంది. "వానను కురిసింది."

క్లాసంతా గొల్లుమంది.

ఆ నవ్వు నేనెప్పుడూ మరిచిపోలేను. ముందు ఒకళ్ళు నవ్వితే చూసి ఇంకొకళ్ళు నవ్విన నవ్వు కాదది. అన్ని బెంచీల నుంచీ ఒక్కసారే లేచింది. పది నిమిషాల ముందు వరకు ఆ పిల్లల్లో ఎవరికీ కర్మ అనే పేరు తెలియదు. సకర్మకం అన్నమాట పలకడానికే తడబడ్డారు. అయినా 'వానను' అన్న మాట చెవిన పడగానే అది తప్పని అందరికీ ఒకే క్షణాన తెలిసింది. వాళ్ళకి ఎవరు చెప్పారు? వాళ్ళ అమ్మలు చెప్పలేదు. 'నాయనా, కురియు అన్న క్రియకి కర్మ ఉండదు సుమా' అని అన్నం పెడుతూ ఏ తల్లీ చెప్పదు. నేను ఏళ్ళ తరబడి ఆ పాఠం చెబుతున్నాను. పాఠం పుస్తకంలో ఉందని, దాన్ని పిల్లల బుర్రల్లోకి ఎక్కించడం నా పని అని అనుకుంటూ వచ్చాను. ఆ నవ్వు విన్నాక తెలిసింది. అదంతా వాళ్ళలో ముందే ఉంది. నేను చేసేదల్లా దానికి పేరు పెట్టడం.

అలా నిలబడిపోయి చూస్తుంటే, నవ్వని మొహం ఒకటి కనిపించింది.

ఆ ఒరియా అమ్మాయి. కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది. అందరూ నవ్వుతున్నారు. కాసేపటికి తనూ పెదాలు సాగదీసింది. మిగతావాళ్ళు ఆపాక కూడా అలాగే ఉంచుకుంది, ఎప్పుడు ఆపాలో తెలియనట్టు.

గంట కొట్టాక దగ్గరికి పిలిచాను. "అందరూ ఎందుకు నవ్వేరో తెలిసిందా అమ్మా?"

తల అడ్డంగా ఊపింది. చాలా రోజుల తరవాత వాక్యం మాట్లాడింది. "వానను కురిసింది బాగుంది టీచర్. ఏమి తప్పు?"

జవాబు చెబుదామని నోరు తెరిచాను. దేనిని కురిసింది అని అడిగితే అతకదు కదా అందామంటే, అతకదని తెలియడానికి ముందు చెవికి అతకడమంటే ఏమిటో తెలియాలి. మిగతావాళ్ళకి నేనిచ్చిన తాళం చెవి వాళ్ళ దగ్గరున్న తాళానికే పట్టింది. ఈ పిల్ల దగ్గర తాళం వేరు. నా పరీక్ష పని చేయాలంటే లోపల తెలుగు ఉండాలి. ఆ సంగతి అంతవరకూ నాకు తట్టనేలేదు.

ఆ ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక స్కూటీ వేసుకుని చెరువుల వైపు వెళ్ళాను. వాన వెలిసింది. గట్టు మీద మట్టి జారుతోంది. రెండువైపులా చెరువుల్లో ఏరేటర్లు నీళ్ళు చిలుకుతున్నాయి. మలుపులో ఆ కుక్క నాకూ ఎదురైంది. నల్లది, ఎత్తుగా ఉంది. స్కూటీ మీదున్న నేనే కాళ్ళు పైకి ముడుచుకున్నాను.

షెడ్డు ముందు ఆ అమ్మాయి నాన్న మేత బస్తాల మీద పట్టా కప్పుతున్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఆయన తెలుగు గడగడా మాట్లాడతాడు, తనదైన పద్ధతిలో.

"రండి టీచరుగారూ, కూర్చోండి. అమ్మాయికి పిలుస్తాను."

అమ్మాయి కోసం ఎవరిని పిలుస్తారు అనిపించి ఒక్క క్షణం ఆగాను. అమ్మాయిని పిలుస్తానంటున్నాడు. అక్కడ నా మెదడులో ఏదో టక్కుమంది.

"ఆ మాట మీ భాషలో ఎలా అంటారండీ? అమ్మాయిని పిలుస్తాను అన్నది?"

"ఝిఅకు డాకిబి," అన్నాడు.

"ఝిఅ అంటే?"

"అమ్మాయి."

"తమ్ముణ్ణి పిలిచాను అనాలంటే?"

ఈలోగా గుమ్మంలోకి వచ్చిన అమ్మాయే చెప్పింది. "భాయికు డాకిలి."

ఝిఅకు. భాయికు. వాళ్ళ భాషలో కర్మకి తగిలేది 'కు'. మన చెవికి అచ్చం మన 'కు' లాగే వినపడుతుంది. మనకేమో 'కు' వేరే పనికి ఉంది. అమ్మకు ఇచ్చాను, బడికి వెళ్ళాను. అమ్మను పిలిచాను అనడానికి 'ను' కావాలి. ఈ పిల్ల తన 'కు'ని తీసుకొచ్చి, ఒకేలా ఉంది కదా అని మా 'కు'లో పెట్టేసింది. అందులో వింతేముంది?

"ఎవరిని పిలిచావు అని మీరు ఎలా అడుగుతారు?" అన్నాను ఆత్రంగా.

"కాహాకు డాకిలు."

"ఎవరికి ఇచ్చావు అనాలంటే?"

"కాహాకు దెలు."

రెండింటికీ కాహాకు! నేను బోర్డు దగ్గర నిలబడి 'ఎవరిని, ఎవరిని' అని అరుస్తుంటే ఆ పిల్ల చెవికి అది 'ఎవరికి' అని కూడా వినపడుతోందన్నమాట. ఒక గదిలో రెండు తలుపులున్నాయని నేను చెబుతున్నాను, ఆమెకి అక్కడ ఒకటే తలుపుంది.

నాకెంత ఉత్సాహం వచ్చిందంటే, వెంటనే నేనూ ఒక ఒరియా వాక్యం చెప్పేద్దామనిపించింది. ఆ అమ్మాయి అమ్మ లోపలినుంచి స్టీలు గ్లాసులో టీ తెచ్చింది. ఆమెకి తెలుగు రాదు. అన్నం తిన్నారా అన్నట్టు సైగ చేసింది. తినలేదుగాని, తిన్నానని చెప్పాలి కదా. అన్నాన్ని ఏమంటారో, తిన్నాను అన్నదాన్ని ఏమంటారో అమ్మాయిని అడిగి కూర్చుకుని, నేర్చుకున్న 'కు' తగిలించి గొప్పగా చెప్పాను.

"భాతకు ఖాఇలి."

ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. చిన్న తమ్ముడు కూడా కిలకిలమన్నాడు. అమ్మాయి సంగతి చెప్పనక్కర్లేదు. ఆ పిల్ల అలా పొట్ట పట్టుకుని నవ్వగలదని నాకప్పుడే తెలిసింది.

నేను కుడివైపు చూశాను, ఎడమవైపు చూశాను. ఏం తప్పన్నానో అంతు పట్టలేదు. నవ్వాలో మానాలో తెలియక పెదాలు సాగదీశాను.

నవ్వాగాక ఆ అమ్మాయి, క్లాసులో నేను ఎలా చెబుతానో అలాగే చెయ్యి ఊపుతూ చెప్పింది. "భాతకి కు వద్దు టీచర్. భాత ఖాఇలి. మనిషికి కు. అన్నంకి వద్దు."

ఎంత బాగా చెప్పింది! మనిషి కర్మ అయితే గుర్తు కావాలి, ప్రాణం లేనిదైతే అక్కర్లేదు. అదే కదా మన పద్ధతి కూడా! అమ్మను చూశాను అనాలి, 'అమ్మ చూశాను' అంటే అతకదు. అన్నం తిన్నాను అంటే ఏ గుర్తూ లేకుండానే సరిపోతుంది. తీరం పొడుగునా పక్కపక్కనే ఉన్నా వేర్వేరు కుటుంబాలకి చెందిన రెండు భాషలు, ఈ ఒక్క విషయంలో ఒకేలా ఆలోచిస్తున్నాయి. ఆ రేకుల షెడ్డులో టీ గ్లాసు చేత్తో పట్టుకుని, ఏదో పెద్ద గుళ్ళోకి అడుగుపెట్టినట్టు కూర్చుండిపోయాను.

మర్నాడు బడిలో మొదట చేసిన పని కుక్క సంగతి తేల్చడం. ఆ అమ్మాయిని బోర్డు దగ్గరికి పిలిచి రెండు మాటలు రాశాను. భయపడు. భయపెట్టు.

"భయపెట్టింది. ఎవరిని భయపెట్టింది? అడగొచ్చు. అడిగితే జవాబొస్తుంది, నన్ను. సకర్మకం. భయపడ్డాను. ఎవరిని భయపడ్డాను? అతకదు. ఎవరికి భయపడ్డాను? దేనికి భయపడ్డాను? ఇక్కడ నీ 'కు' సరిపోతుంది. కుక్కకు భయపడ్డాను. అకర్మకం."

ఆ అమ్మాయి బోర్డు మీది రెండు మాటల కిందా వేలు పెట్టి చదువుకుంది. తరవాత క్లాసు వైపు తిరిగి, ఒక్కొక్క మాటే ఏరుకుంటూ చెప్పింది. "కుక్క నన్ను భయపెట్టింది. నేను కుక్కకు భయపడ్డాను. బడికి రాలేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. గడుగ్గాయి లేచి నిలబడింది. "ఆ చెరువు మలుపులో నల్లకుక్కేనా? అది నన్నూ భయపెట్టిందే బాబూ! ఓసి పిచ్చిదానా, ముందే చెప్పొచ్చు కదా. మాదీ అదే దారి. రేపట్నుంచి నేనొస్తాను మీ షెడ్డుకి."

ఆ మర్నాటినుంచి ఇద్దరూ కలిసి రావడం మొదలుపెట్టారు, చేతిలో చెరో సరుగుడు కర్రతో. హెడ్మాస్టారికి కూడా సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. చెరువు యజమానికి ఫోన్ చేసి, బడి వేళకి కుక్కని కట్టేయించారు.

ఆ దారిలో వాళ్ళిద్దరూ ఒక ఆట కనిపెట్టారు. నేను చెప్పింది కాదది. గడుగ్గాయి ఏదో ఒక వాక్యం అంటుంది. ఈ అమ్మాయి తప్పో ఒప్పో చెప్పాలి. మధ్యాహ్నం భోజనాల దగ్గర కూడా అదే ఆట.

"కొబ్బరికాయను పడింది."

ఈ అమ్మాయి పెదాలు కదిలేవి. దేనిని పడింది... దేనిని... "తప్పు."

"కొబ్బరికాయను దింపేడు."

"దేనిని దింపేడు... కొబ్బరికాయను. ఒప్పు."

"పంటును గోదావరి దాటింది."

పంటంటే మా రేవుల్లో మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పెద్ద పడవ. అది మరీ దొంగ వాక్యం. ఈ అమ్మాయి చాలాసేపు ఆలోచించింది. "తప్పు. పంటు గోదావరిని దాటింది. దేనిని దాటింది? గోదావరిని. సకర్మకం." ఆ మాట విని నేను ప్లేటు పక్కన పెట్టేశాను. వెళ్ళు, రా, నడువు, పరుగెత్తు లాంటివన్నీ అకర్మకాలే కాబట్టి కదిలే క్రియలన్నీ అకర్మకాలేనని మా పిల్లలు సగం మంది పరీక్షలో గుడ్డిగా రాసేస్తారు. ఈ పిల్ల అడిగి చూసి మరీ చెప్పింది.

తప్పులు దాదాపు పోయాయి. అయినా ఆ జవాబులు లెక్క కట్టి తెచ్చినవి. ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఎప్పుడూ పెదాల కదలిక ఉండేది. నేను తృప్తి పడ్డాను. అంతకంటే ఏం కావాలి, పరీక్ష రాయడానికి అది చాలు. అంతకుమించి ఎవరూ నేర్పలేరని కూడా అనుకున్నాను. తల్లిపాలతో రావలసింది బోర్డు మీదనుంచి వస్తుందా?

చలికాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం ఏడో తరగతికి ఉక్తలేఖనం చెబుతున్నాను. అంతకుముందు పదో తరగతికి రెండు పీరియడ్లు ఏకబిగిన చెప్పి అలిసిపోయాను. చెప్పాల్సిన వాక్యం 'పిట్ట గూటిని వదిలి ఎగిరింది'. మధ్యలో కిటికీ వైపు చూశానేమో, నోరు జారింది.

"రాయండి. పిట్టను ఎగిరింది..."

ఫక్కుమని ఒక నవ్వు వినిపించింది.

ఒక్క నవ్వే. ఆ వెనకాల కన్ను మూసి తెరిచేంతలో క్లాసంతా అందుకుందిగాని, మొదటి నవ్వు విడిగా వినిపించింది. అది మూడో బెంచీలోంచి వచ్చింది. ఆ ఒరియా అమ్మాయి పెన్నున్న చేత్తోనే నోరు మూసుకుని, భుజాలు ఎగరేస్తూ నవ్వుతోంది. ఎటూ చూడలేదు. ఎవరు నవ్వుతున్నారో వెతకలేదు. పెదాలు కదిపి అడుక్కోలేదు. తెలుగు పిల్లలందరికంటే ముందు నవ్వేసింది.

నా చేతిలో పుస్తకం అలాగే ఉండిపోయింది. నిన్నటిదాకా బయట నిలబడి తలుపు కొలతలు చూసుకుంటున్న పిల్ల, ఎప్పుడు, ఏ రోజున లోపలికి వచ్చేసింది? ఆ గట్టు మీద నడుస్తూ వచ్చిందా? అన్నం తింటూ వచ్చిందా? నేను రోజూ చూస్తూనే ఉన్నాను. నా కళ్ళముందే జరిగింది. నేను చూడలేదు. మొగ్గ విచ్చుకోవడం చూద్దామని కాపలా కూర్చున్నవాడికి కూడా అది విచ్చుకున్నాకే కనపడుతుంది.

నవ్వులు ఆగాక ఆమెనే అడిగాను. "ఎందుకు నవ్వావమ్మా?"

ఆ అమ్మాయి భయపడింది, కోప్పడతాననుకుంది. లేచి నిలబడింది.

"తెలీదండీ. నవ్వొచ్చేసిందండీ."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు వచ్చిన జవాబులన్నిట్లోకీ అంత గొప్ప జవాబు లేదు. జూలైలో 'ఏమి తప్పు?' అని అడిగిన పిల్ల అది. అప్పుడు కారణం కావాలి ఆమెకి. ఇప్పుడు కారణంతో పని లేదు. మిగతా పిల్లల్ని అడిగినా అదే చెబుతారు, తెలీదండీ, నవ్వొచ్చిందండీ. మా అమ్మని అడిగినా, నన్నడిగినా అంతే. పైగా ఆ వాక్యం చూడండి. నవ్వొచ్చేసింది. దాన్ని ఎవరూ తేలేదు, ఎవరూ చేయలేదు. దానంతట అదే వచ్చింది.

గడుగ్గాయి బల్ల మీద గుద్దింది. "నాకంటే ముందు నవ్వేసిందండీ ఇది!" అంది, ఫిర్యాదూ గర్వమూ కలిపి.

"కూర్చోండి," అన్నాను. కళ్ళు తుడుచుకోవడానికి బోర్డు వైపు తిరిగి, బోర్డు మీద అవసరం లేకపోయినా తేదీ మళ్ళీ దిద్దాను.

ఏడాది పరీక్షలో సొంత వాక్యాలు రాయమని అడిగిన చోట ఆ అమ్మాయి ఇలా రాసింది. 'మా నాన్న రొయ్యలను పెంచుతున్నాడు. రొయ్యలు పెరుగుతున్నాయి. మా అమ్మ దీపమును వెలిగించింది. దీపము వెలిగింది.' జంటలు జంటలుగా, ఒకటి చేసినది, ఒకటి అయినది. నేను అడిగింది రెండే వాక్యాలు. ఆమె రాసుకుంటూ పోయింది, కాగితం చివరిదాకా.

వేసవిలో చెరువులో రొయ్యలు పట్టడం అయిపోయాక ఆ కుటుంబం మలికిపురం అవతల ఇంకో చెరువు మీదికి వెళ్ళింది. టీసీ కోసం వచ్చిన రోజున వాళ్ళ నాన్న పక్కన నిలబడి, ఆయన "అమ్మాయికి అక్కడ చేర్పిస్తాను" అంటుంటే, ఆ అమ్మాయి మెల్లిగా ఆయన చొక్కా లాగి "అమ్మాయిని" అంది. ఆయన "ఆయ్, అమ్మాయిని" అని దిద్దుకున్నాడు. అక్కడి తెలుగు మాస్టారు నాకు తెలిసిన ఆయనే. ఫోన్ చేసి చెప్పాను. నెల తిరక్కుండా ఆయనే తిరిగి ఫోన్ చేశారు. "ఒరియా పిల్ల అన్నారు, ఎవరండీ? నా క్లాసులో నాకు కనపడలేదే" అన్నారు. పేరు చెప్పేదాకా పోల్చుకోలేకపోయారు. గడుగ్గాయి ఇప్పుడు ఎనిమిదిలో ఉంది. ఆదివారాలు వాళ్ళమ్మ ఫోన్ లాక్కుని ఈ అమ్మాయితో గంటలకొద్దీ మాట్లాడుతుందట. కొంచెం ఒరియా నేర్చుకుంటున్నానండీ అని నాతో చెప్పింది.

మొన్న కోటిపల్లిలో ఉన్న మా అక్కగారింటికి వెళ్ళాల్సి వచ్చి, ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కాను. సాయంత్రం కావడంతో జనం బాగా ఉన్నారు. మోటారు సైకిళ్ళు, అరటి గెలలు, కూలికి వెళ్ళి వస్తున్న ఆడవాళ్ళు. పుస్తకం తీసి చదువుకుందామనుకున్నాను. కానీ నా పక్కన ఒక ముసలావిడ ఫోన్లో మాట్లాడుతోంది.

"మీ బావని పంపించేను. నీకు డబ్బా ఇచ్చేడా? మూత తీయకు, ఒలికిపోద్ది. నువ్వు ఒలకబోసేవంటే ఊరుకోను, ఆయ్."

ఒలికిపోద్ది, ఒలకబోసేవు. దేనిని ఒలికింది, అతకదు. దేనిని ఒలకబోశావు, అతుకుతుంది. ఆవిడ చూపు అవతలి గట్టు మీదుంది. మాటలు మాత్రం వేటి చోట్లో అవి కూర్చుంటున్నాయి. అటు పక్కన ఇద్దరు కుర్రాళ్ళు బండి అద్దం ఎవరు పగలగొట్టారో, అదే పగిలిందో తేల్చుకోలేక గొడవ పడుతున్నారు. టికెట్లిచ్చే ఆయన "జరగండి బాబూ, ఆ బండి జరపండి" అని అరుస్తున్నాడు. జరగండి మనుషులకి, జరపండి బండికి. ఆయన ఒక్క క్షణం కూడా ఆగలేదు.

పుస్తకం సంచీలో పెట్టేసి, పంటు అవతలి రేవు చేరేదాకా వింటూ నిలబడ్డాను. అంతమందిలో ఒక్కరూ తడబడలేదు.